నిమిషంలో ఏడు జన్మలు

"కొన్ని పరిచయాలు కాలం రాస్తుంది. కొన్ని ప్రేమలు విధి గీస్తుంది. ఆమె ఓ చిరునవ్వు. అతడు ఆ చిరునవ్వుకి చిరునామా. ఏడు జన్మల నిరీక్షణ ఆ ఒక్క చూపుతో ముగిసింది. కాలం ఆగిపోయింది. ఆమె మౌనం మాట్లాడింది. అతడి హృదయం వింది. ఇదీ, అబ్బాయి పేరు, అమ్మాయి పేరుల ప్రయాణం..."

పొరపాటు అచ్చుది కాదు. స్టూడియో వాళ్లు వాట్సాప్‌లో పంపిన స్క్రిప్టులో అలాగే ఉంది. పేర్లు పెట్టాల్సిన చోట ఖాళీ వదిలితే గొంతు ఇచ్చేవాడు తికమకపడతాడని 'అబ్బాయి పేరు', 'అమ్మాయి పేరు' అని రాసిపెట్టుకున్నారట. కిందటి సీజన్‌లో ఒకసారి ఆ గొంతుగారు అక్షరం పొల్లుపోకుండా అలాగే చదివేశాడు. ఎడిటింగులో ఎవరూ గమనించలేదు. సంగీత్ రోజు ఫంక్షన్ హాల్లో ఐదు వందల మంది ముందు పన్నెండు అడుగుల తెరమీద 'అబ్బాయి పేరు' గారు 'అమ్మాయి పేరు' గారిని ఎత్తుకుని గిరగిరా తిప్పారు. ఆ పెళ్లివారు డబ్బు తగ్గించమన్నారు తప్ప స్క్రిప్టు మార్చమనలేదు. బాగుందట.

నేను ఒకప్పుడు రేడియోకి నాటికలు రాసినవాణ్ని. కథ పావుగంటలో ముగియాలి, పదహారో నిమిషంలో వార్తలు వస్తాయి అన్న భయంతో బతికిన జాతి మాది. ఆ సంగతి తెలిసి విజయవాడలో ఒక స్టూడియో కుర్రాడు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. "మాస్టారూ, ప్రీవెడ్డింగ్ వీడియో. వాయిస్ ఓవర్ కావాలి. జంట ప్రయాణాన్ని నాలుగు లైన్లలో, కొంచెం టెండర్‌గా." టెండర్ అనగానే నాకు రోడ్లూ భవనాల శాఖ గుర్తొచ్చింది. తర్వాత తెలిసింది, మృదువుగా అని.

"నాలుగు లైన్లంటే ఎన్ని?" అన్నాను. పైన చెప్పిన నమూనా పంపాడు. మొత్తం లెక్కపెడితే 212 మాటలు. వీడియో నిడివి మూడు నిమిషాలు. తెలుగులో మృదువుగా చదవాలంటే నిమిషానికి ఎనభై, తొంభై మాటలకు మించి పోకూడదు. మన మాటలు పొడుగు. ఇంగ్లీషువాడు నాలుగు ముక్కల్లో చెప్పేదాన్ని మనం 'చెప్పలేకపోతున్నానేమో' అని ఒక్క ముక్కలో చుట్టేస్తాం. ఆ లెక్కన 212 మాటలకి రెండున్నర నిమిషాలు కావాలి. మిగిలిన అర నిమిషంలో వాళ్లు ప్రేమించుకోవాలి. మూడు నిమిషాల బొమ్మలో గొంతు ఒక నిమిషం దాటితే అది ప్రేమకథ కాదు, రైల్వే ప్రకటన.

"మరి ఇంతకుముందు వీటిని ఎలా ఇరికించారు?" అన్నాను.

"స్పీడ్ పెంచాం మాస్టారూ."

ఏడు జన్మల నిరీక్షణ ఒకటింపావు వేగంతో ముగిసిందన్నమాట.

అసలు ఈ గొంతు గొడవ ఎందుకు మొదలైందో కుర్రాడే చెప్పాడు. పూర్వం ఒక సినిమా పాట పెట్టి దాని మీద జంటను పరిగెత్తించేవాళ్లు. యూట్యూబ్‌లో పెట్టగానే పాట హక్కుదారు నుంచి నోటీసు వచ్చేది. ఒక్కోసారి వీడియో మూగబోయేది. అప్పుడు ఊరూ పేరూ లేని పియానో సంగీతం ఒకటి కొనుక్కుని దాని మీద మాటలు పోయడం మొదలుపెట్టారు. సాహిత్యం మీద మమకారం వల్ల మన దగ్గరకి రాలేదు వాళ్లు. కాపీరైట్ తరిమితే వచ్చారు.

రెండో కారణం ఇంకా రుచికరమైనది. ఈ వీడియోలు సెకనుకి వంద ఫ్రేముల చొప్పున తీసి, ఇరవై ఐదు చొప్పున చూపిస్తారు. నాలుగు రెట్లు నిదానం. ఒక సెకను నవ్వు నాలుగు సెకన్లు పూస్తుంది. స్క్రిప్టులో 'కాలం ఆగిపోయింది' అన్న మాట కవిత్వం కాదు, కెమెరా సెట్టింగు. అయితే అంత నిదానంలో అసలు గొంతు పనికిరాదు కనుక శబ్దం తీసుకోరు. కెమెరామన్ దూరం నుంచి "ఏదో ఒకటి మాట్లాడుకోండి సార్, పెదాలు కదలాలి" అని అరుస్తాడు. జంట పెదాలు కదుపుతుంది. ఏం మాట్లాడారో లోకానికి అక్కర్లేదు. ఆ మూగ పెదాల మీద మనం గొంతు కప్పాలి. అంటే వాళ్లిద్దరూ నిజంగా మాట్లాడుకున్న చోటనే మనం 'మౌనం మాట్లాడింది' అని రాస్తాం. ఇంత నిజాయితీగా అబద్ధం చెప్పే ప్రక్రియ మన సాహిత్యంలో ఇంకొకటి లేదు.

మా జంట సంగతికి వస్తాను. అబ్బాయి డాలస్‌లో ఉద్యోగం, ఐదు వారాల సెలవు. మొదటి వారం పెళ్లిచూపులు, చివరి వారం పెళ్లి. ముహూర్తాన్ని పంచాంగమూ, వీసా స్టాంపింగ్ తేదీ కలిసి పెట్టాయి. అమ్మాయి హైదరాబాద్‌లో బ్యాంకు ఉద్యోగి, సొంతూరు తెనాలి దగ్గర. ఏడు జన్మల సంగతి నాకు తెలీదు గానీ, ఈ జన్మలో వాళ్లు ఎదురెదురుగా గడిపిన సమయం షూటింగ్ నాటికి మూడు గంటలు. షూటింగే పధ్నాలుగు గంటలు. అంటే ప్రేమ ప్రయాణంలో ఎక్కువ భాగం ప్రేమ ప్రయాణాన్ని తీయడంలోనే గడిచిపోయింది.

ఎక్కడ తీశారయ్యా అంటే గండికోటలో. పెన్నా నది ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పోయిన లోయ, దాని అంచున కోట. చూడ్డానికి అద్భుతం, సందేహం లేదు. వేసవిలో అక్కడ పొద్దున ఎనిమిది దాటితే రాయి మీద చెయ్యి పెట్టలేం కనుక తెల్లవారుజామున మూడున్నరకి అమ్మాయికి మేకప్ మొదలుపెట్టారు. అబ్బాయి కడప జిల్లాలో కాలుపెట్టడం అదే మొదటిసారి. లోయ అంచున చేతులు పట్టుకుని నిలబెట్టారు, మాధవరాయ ఆలయం గోపురం ముందు నడిపించారు, ధాన్యాగారం ముందు గొడుగు తిప్పించారు. ఆ కోటలో జైలని పిలిచే పాత కట్టడం ఒకటుంది. దాని గుమ్మంలో నిలబెట్టి అబ్బాయి చేత 'నా గుండెలో బందీవి' అన్నట్టు సైగ చేయించారు. నాకు ఆ కట్టడం ఏమిటో తెలుసు కనుక ఆ షాటు చూసి చాలాసేపు నవ్వాను. కుర్రాడు మెచ్చుకోలనుకున్నాడు.

ఈ సందర్భంలో ఒక మాట. 2023లో హైదరాబాద్‌లో ఒక పోలీసు జంట పంజాగుట్ట పోలీస్ స్టేషన్లో, పోలీసు వాహనాలతో ప్రీవెడ్డింగ్ వీడియో తీసుకుంటే లోకం గగ్గోలు పెట్టింది. అనుమతి అడిగితే బాగుండేదని కమిషనర్ కూడా అన్నారు. అనుమతి సంగతి అనుమతిదే. కానీ ఆ వీడియోలో ఉద్యోగం వాళ్లది, యూనిఫాం వాళ్లది. మరుసటి ఏడాది కర్ణాటకలో చిత్రదుర్గ జిల్లాలో ఒక కాంట్రాక్టు డాక్టరు ప్రభుత్వాసుపత్రి ఆపరేషన్ థియేటర్లో కాబోయే భార్యతో కలిసి ఉత్తుత్తి శస్త్రచికిత్స నటించి వీడియో తీసుకున్నాడు, ఉద్యోగం పోయింది. ఆ రెండు వీడియోల మధ్య తేడా నాకు తెలుసు. కానీ గండికోట గోపురం ముందు తెనాలి అమ్మాయినీ డాలస్ అబ్బాయినీ నిలబెట్టి 'ఇక్కడే మొదలైంది మా కథ' అనిపించేవాడికి ఏ ఉద్యోగమూ పోదు. వచ్చే నెల ఇంకో జంట కథ కూడా ఆ రాయి దగ్గరే మొదలవుతుంది.

"వాళ్లతో ఒకసారి మాట్లాడించు," అన్నాను కుర్రాడితో.

"ఎందుకు మాస్టారూ? పేర్లు నేను పంపుతాగా."

బతిమాలి గంట సంపాదించాను. వీడియో కాల్. ఇద్దరూ వాళ్ల వాళ్ల ఇళ్లలో. మొదట అడగకూడని ప్రశ్న అడిగాను, "మీ ప్రయాణం గురించి చెప్పండి" అని. "జర్నీ బ్యూటిఫుల్‌గా ఉంది అంకుల్" అన్నాడు అబ్బాయి. విమానం గురించి చెబుతున్నట్టే అన్నాడు. తప్పు నాది. ప్రయాణం అని అడిగితే ప్రయాణమనే చెబుతారు. అందుకని గడియారం పట్టుకున్నాను. ఎన్నింటికి వెళ్లారు, ఎక్కడ కూర్చున్నారు, కాళ్ల కింద ఏముంది, చేతిలో ఏముంది, ఎవరు ముందు లేచారు. ఇలా పోలీసు రాతలాగా అడుగుతూ పోతే ఎక్కడో ఒకచోట మనిషి తడబడతాడు. తడబడ్డ చోటే మనకి కావలసింది ఉంటుంది.

"పిల్లలు కాసేపు మాట్లాడుకోండి అని డాబా మీదకి పంపారు," అంది అమ్మాయి.

"డాబా మీద ఏముంది?"

అబ్బాయి గొంతు సవరించుకున్నాడు. అమ్మాయి నవ్వింది. అరగంటలో మొదటి నవ్వు.

డాబా మీద పాత పంచె పరిచి అమ్మాయి వాళ్ల అమ్మమ్మ బూడిద గుమ్మడికాయ వడియాలు పెట్టింది. అబ్బాయి తన ఉద్యోగం గురించి చెబుతూ చెబుతూ, వెనక్కి అడుగేసి నాలుగు వరసలు తొక్కేశాడు. కొత్త మేజోడుకి పిండి అంటుకుంది. మనిషి బిక్కచచ్చిపోయాడు. అమ్మాయి కిందికి చూసి, అతడి వైపు చూసి, "ఎవరికీ చెప్పనులెండి" అంది. చెప్పలేదు కూడా. సాయంత్రం అమ్మమ్మ డాబా ఎక్కి చూసి, కోతులు పాడుచేశాయని వీధి వీధంతా కోతుల్ని తిట్టిపోసింది. అమ్మాయి పక్కనే నిలబడి, అవును కోతే అంది.

"గండికోటలో ఒక షాటులో నువ్వు నిజంగా నవ్వుతున్నావు బాబూ, లోయ దగ్గర. అప్పుడు ఏమనుకున్నారు?" అన్నాను.

"కెమెరామన్ నవ్వమని చంపేస్తున్నాడు అంకుల్. ఆయనకి నవ్వు రావట్లేదు," అంది అమ్మాయి. "నేను 'వడియాలు' అన్నాను, అంతే."

ఆ రాత్రే కూర్చుని రాశాను.

"పెళ్లిచూపుల రోజు డాబా మీద మాకిచ్చింది పది నిమిషాలు. ఎనిమిది నిమిషాలు నేను నా ఉద్యోగం గురించి చెప్పాను. తను వింది. కనీసం విన్నట్టు కనిపించింది. తొమ్మిదో నిమిషంలో వెనక్కి అడుగేసి, ఆరబెట్టిన వడియాలు తొక్కాను. తను కిందికి చూసింది. నా వైపు చూసింది. 'ఎవరికీ చెప్పనులెండి' అంది. మెట్లు దిగి వచ్చాక అబ్బాయి నచ్చాడా అని అడిగారు. తను నచ్చాడంది. వడియాల మాట మాత్రం ఎత్తలేదు."

48 మాటలు. నిదానంగా చదివితే అర నిమిషం పైన. మధ్యలో ఊపిరికి చోటిస్తే ముప్పావు నిమిషం. ఇందులో ప్రేమ అన్న మాట లేదు. కావాలనే తీసేశాను, సగం సాంకేతిక కారణంతోనే. 'ప' అనేటప్పుడు పెదాలు మూసి ఒక్కసారి గాలి వదులుతాం. ఆ గాలి మైకుకి తగిలి హాలు స్పీకర్లో 'ఢబ్' అంటుంది. 'భ' ఇంకా ఘోరం. 'ప్రియమైన నా భాగ్యదేవతా' అని మైకుకి ఎదురుగా మృదువుగా అన్నవాడి గొంతు ఫంక్షన్ హాల్లో కొబ్బరికాయ కొట్టినట్టు వినిపిస్తుంది. మైకుకి జానెడు దూరంలో, నోరు కొంచెం పక్కకి పెట్టి చదివితే తగ్గుతుంది. మన స్క్రిప్టుల్లో మాత్రం ప్రతి వాక్యమూ ప్రేమ, ప్రాణం, ప్రయాణం, ప్రపంచం.

గొంతు ఎవరిదనేది ఇంకో పోరాటం. స్టూడియో ఆస్థాన గొంతుగారు చాలా గంభీరమైన మనిషి. పగలు వెంచర్ ప్రకటనలు చదువుతాడు. "హైవేకి కూతవేటు దూరంలో, మీ కలల ఫ్లాటు" అన్న గొంతుతోనే రాత్రి "ఆమె కళ్లలో అతడి ప్రపంచం" అంటాడు. వింటుంటే రిజిస్ట్రేషన్ ఖర్చులు అదనం అంటాడేమోనని ఎదురుచూస్తాం. నేను అబ్బాయినే చదవమన్నాను. ఇంట్లో ప్రతిధ్వని వస్తుందంటే, బీరువా తలుపులు తీసి, పట్టుచీరల వరసలోకి ఫోన్ పెట్టి, తల లోపల దూర్చి చదవమన్నాను. బట్టలు శబ్దాన్ని మింగుతాయి. డాలస్ ఇంజనీరు తల్లి చీరల మధ్య తలపెట్టి నాలుగుసార్లు చదివి పంపాడు. మూడోసారి చదివింది బాగా వచ్చింది. 'ఎవరికీ చెప్పనులెండి' దగ్గర గొంతులో నవ్వు ఆపుకోవడం తెలిసిపోతోంది. అలాంటిది ఆస్థాన గొంతు వంద టేకుల్లో ఇవ్వలేదు.

ఎడిటింగ్ అబ్బాయికి ఒక్కటే చెప్పాను. తెలుగు వాక్యానికి ప్రాణం చివర ఉంటుంది. "వెనక్కి అడుగేసి, ఆరబెట్టిన వడియాలు..." అన్నంతసేపూ ఏం జరిగిందో వినేవాడికి తెలీదు. 'తొక్కాను' దగ్గరే తెలుస్తుంది. నువ్వు 'వడియాలు' అనగానే నవ్వే షాటు వేసేస్తే బొమ్మ ముందు చెప్పేస్తుంది, మాట వెనక నుంచి వగర్చుకుంటూ వస్తుంది. క్రియ పడ్డాక ఒక సెకను ఆగి నవ్వించు. ఆ ఒక సెకనులో పియానో కూడా నోరు మూసుకోవాలి. అతను తల ఊపాడు. చెవుల్లో ఇయర్‌ఫోన్లున్నాయి.

రెండ్రోజులకి అమ్మాయి మేనమామ ఫోన్ చేశారు. ఖర్చు ఆయనదే.

"రచయిత గారూ, చూశాం. బాగుంది, కాదనను. కానీ ఇదేంటండీ, వడియాలు తొక్కడం? మగపెళ్లివారు ఏమనుకుంటారు? మా డాబా మీద కాలు పెట్టడానికి చోటు లేదనుకోరూ?"

"అది వాళ్లబ్బాయే చెప్పాడండీ."

"చెబుతాడండీ, చిన్నపిల్లాడు. లక్షన్నర పోసి గండికోటలో తీయించి, పైన గుమ్మడికాయ వడియాలంటే ఎలా? మా తోడల్లుడి కూతురి వీడియోలో ఏడు జన్మలు పెట్టారు. మాకు అంతకు తగ్గితే..."

తగ్గదన్నాను. తొమ్మిది చేయమంటారా అని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించారు. అదీ నన్ను బాధపెట్టిన విషయం. చివరికి, ఏడుంటే చాలు, శాస్త్రం అలాగే ఉంది కదా అన్నారు. పెళ్లికి ఏడడుగులు, వీడియోకి ఏడు జన్మలు.

స్టూడియో నాకు డబ్బు ఇచ్చేసింది. సంగీత్‌కి పిలిచారు కూడా.

హాలు పెద్దది. గోడలు పాలరాయి, పైకప్పు అద్దాలు, ఒక్క తెరగుడ్డ లేదు. అలాంటి చోట ఏ మాటైనా గోడకి కొట్టుకుని వెనక్కి వచ్చి తర్వాతి మాట మీద పడుతుంది. పొడుగు వాక్యమైతే మొదలూ చివరా కలిసి గంజి అయిపోతాయి. లైట్లు ఆర్పారు. పన్నెండు అడుగుల గండికోట లేచింది. ఆస్థాన గొంతు మొదలైంది. 'కొన్ని పరిచయాలు' దాకా తెలిసింది, ఆ తర్వాత పియానో, ప్రతిధ్వని, వెనక వరసలో ప్లేట్ల చప్పుడు, ఫొటోగ్రాఫర్ అరుపులు. కాలం రాసిందో విధి గీసిందో ఎవరికీ వినపడలేదు. వినపడలేదని ఎవరూ బాధపడలేదు. పిల్లలు తెరమీద నీడలు వేసుకుంటున్నారు.

నా ముందు వరసలో అమ్మమ్మగారు కూర్చున్నారు. చెవులు పోయి చాలా ఏళ్లయిందట. మనిషి మాట్లాడుతుంటే పెదాల వంక చూసి అర్థం చేసుకుంటారని పక్కన కూర్చున్న మనవరాలు చెప్పింది. హాల్లో ఆ వీడియోని ప్రతిధ్వని బాధ లేకుండా చూస్తున్నది ఆవిడొక్కతే.

లోయ అంచు వచ్చింది. వెనక ఎర్రటి రాయి, కింద పెన్నా. అమ్మాయి ముఖం తెర నిండా. నాలుగు రెట్లు నిదానంగా పెదాలు కదిలాయి. "ఆమె మౌనం మాట్లాడింది" అన్నాడు గొంతుగారు. అబ్బాయి ముఖం విచ్చుకుని, నాలుగు సెకన్ల పాటు నవ్వాడు.

అమ్మమ్మగారు ముందుకు వంగారు. చెవిటివాళ్ల గొంతు కాస్త పెద్దది కదా. హాల్లో స్పీకర్లకి సాధ్యం కానిది ఆవిడ గొంతుకి సాధ్యమైంది.

"అదేమిటే, పిల్ల వడియాలంటోంది?"

మనవరాలు చెయ్యి పట్టుకుని ఊరుకోమంది. ఆవిడ ఊరుకోలేదు. తెరమీద అబ్బాయి ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. ఆవిడ అతడి ముఖం చూశారు, తర్వాత వేదిక పక్కన నిలబడ్డ అసలు అబ్బాయి కాళ్ల వంక చూశారు, ఆపైన మళ్లీ తెర వంక.

"ఓరి నీ దుంపతెగ," అన్నారు ఆవిడ. "అన్యాయంగా కోతుల్ని తిట్టానే!"